కృపావతి మంజూరు చెయ్యని సెలవు

కృపావతిని చూసినవాళ్ళెవరైనా మంచి మనిషి అంటారు. నేనూ అంటాను. కాని మంచివాళ్ళకి పగ ఉండదని ఎవరైనా అంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఆరేళ్ళపాటు ఒకే మనిషి మీద పగ పెట్టుకుని, పెదవి దాటనివ్వకుండా, మామిడికాయలు ఏరుకుంటూ బతికిన మనిషి మా కృప. ఆ పగ తీరిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఉన్నందుకు నాకు ఈనాటికీ సంతోషమే.

నా పేరు పుష్పవతి. నూజివీడులో ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. ఏ ఆఫీసో చెప్పను, ఇంకా నాకు పెన్షన్ వస్తోంది. కృపావతి పరీక్ష రాసి, పాసై, జూనియర్ అసిస్టెంటుగా నా పక్క సీట్లో చేరింది. వాళ్ళది జి. కొండూరు దగ్గర పల్లెటూరు. నాన్న చిన్నరాయప్ప తోటల్లో కాయ కోసే మేస్త్రీ. చిక్కం కట్టిన గడకర్ర పట్టుకుంటే కొమ్మ చివర కాయైనా కింద పడకుండా దించేవాడట. ఆ ఇంట్లో మొదటి సర్కారు ఉద్యోగం కూతురిది. మొదటి జీతంతో ఆ పిల్ల నాన్నకి చెప్పులు కొంది, మాకు కాజాలు పంచింది.

మా ఆఫీసరు బసవపున్నారావు. మనిషి లంచం తీసుకోడు, ఆలస్యంగా రాడు, గొంతు పెంచడు. ఈ మూడూ ఉన్నవాడి చేతిలో పడితే ఎంత నరకమో, పడినవాళ్ళకే తెలుస్తుంది. ఆయన దగ్గర ఆకుపచ్చ సిరా పెన్ను ఉండేది. ఆఫీసర్లకి అది మామూలే. ఈయన మాత్రం దాన్ని సంతకానికి తక్కువ, సున్నాలు చుట్టడానికి ఎక్కువ వాడేవాడు. మా సెలవు చీటీల్లో ఏ మాటలో వంగడం తక్కువైందని అనిపిస్తే ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, కాగితం వెనక్కి పంపేవాడు.

కృప ప్రొబేషన్‌లో ఉండగా వేసవిలో చిన్నరాయప్ప చెట్టు మీంచి పడ్డాడు. విజయవాడ ఆసుపత్రిలో చేర్చారు. తెల్లారి ఆఫీసుకి వచ్చి ఆ పిల్ల గబగబా నాలుగు ముక్కలు రాసింది. "సార్, మా నాన్నగారు చెట్టు మీంచి పడ్డారు. నేను విజయవాడ వెళ్తున్నాను. మూడు రోజులు రాలేను. కృపావతి."

లోపలికెళ్ళిన కాగితం అంతే తొందరగా బయటికొచ్చింది. 'వెళ్తున్నాను' చుట్టూ ఆకుపచ్చ సున్నా. పక్కన చిన్న అక్షరాల్లో, "ఇది సమాచారమా, అభ్యర్థనా?"

ఆయన అడిగింది తప్పని నేను అనను. అలాంటి ఆఫీసరుకి రాసే తీరు వేరు. అక్కడ సెలవు మనది కాదు, ఆయన ఇవ్వాలి. అందుకని నేనే పక్కన కూర్చుని రాయించాను. పైన ఆయన హోదా, కింద విషయం, ఆ తర్వాత "తమ సమక్షమునకు సవినయముగా విన్నవించుకొనునది" అని మొదలు. కారణం ఒక్క వాక్యం. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు సాధారణ సెలవు, హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్ళడానికి అనుమతి, సీటు పని చూసేది ఎవరో, అన్నీ పెట్టించాను. చివర "దయతో అత్యవసరముగా మంజూరు చేయవలసినదిగా ప్రార్థించుచున్నాను, తమ విధేయురాలు" అని. మరీ ఆ భాషేంటక్కా, రాజుగారికి రాస్తున్నట్టుంది అంది. రాయమ్మా, సంతకం పడనీ అన్నాను.

ఆ కాగితమూ తిరిగొచ్చింది. 'అత్యవసరముగా' చుట్టూ సున్నా. "ఏది అత్యవసరమో నిర్ణయించేది అధికారి."

ఆ మాట తీసేసి మూడోసారి రాసి లోపల పెట్టేసరికి ఆయన ఏలూరు మీటింగుకి బయల్దేరాడు. వచ్చాక చూస్తానన్నాడు. కారు ఎక్కుతుంటే కృప మెట్ల మీద నిలబడి చేతులు జోడించింది. ఆయన తల పంకించి అద్దం ఎత్తేశాడు. మధ్యాహ్నం వాళ్ళమ్మ ఇన్నమ్మ ఫోను చేసి ఏడ్చింది. ఈ పిల్ల ఇక సంతకం కోసం చూడకుండా పరిగెత్తింది. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారుతుండగా రెండో ఫోను వచ్చింది. చిన్నరాయప్ప పోయాడు. పోయేముందు పాప ఏది, పాప ఏది అని అడిగాడట.

దినం అయ్యాక ఆఫీసుకి వస్తే బల్ల మీద మెమో ఉంది. అనుమతి లేకుండా గైర్హాజరైనందుకు సంజాయిషీ ఇవ్వాలట. ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగికి ఇది తగదని హితబోధ కూడా. కృప దాన్ని రెండుసార్లు చదివింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఒక తెల్లకాగితం తీసుకుని రాజీనామా రాసింది. ఆ కాగితంలో మాత్రం ఆయన ఎక్కడా సున్నా చుట్టలేదు.

"పిచ్చిదానా, సర్కారు ఉద్యోగమే" అని చెయ్యి పట్టుకుని ఆపబోయాను.

"అక్కా, ఆయన కూడా ఒకరోజు నాలాగే కూర్చోవాలి" అంది. "లోపలున్నవాళ్ళ సంతకం కోసం, బయట. అది చూస్తే చాలు నాకు."

ఆ మాట అన్నప్పుడు ఆ పిల్ల ముఖం నాకు ఇంకా గుర్తుంది. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. నేను మాత్రం మర్చిపోలేదు. నా స్వభావమే అంత.

కొన్నాళ్ళు ఒక వ్యాపారి గోడౌనులో కాయలు గ్రేడు చేసింది. రసాలు ఒకవైపు, బంగినపల్లి ఒకవైపు, మచ్చపడ్డవి రసం ఫ్యాక్టరీకి. తర్వాత ఉదయ్ కిరణ్ అని చదువుకున్న కుర్రాడొకడు, ఫోన్లో ఆర్డరు పెడితే తోటలోంచి కాయ ఇంటికే పంపే కంపెనీ పెట్టాడు. స్టార్టప్ అంటారు. హనుమాన్ జంక్షన్ రోడ్డులో పెద్ద రేకుల షెడ్డు. కృప అక్కడ మొదట పెట్టెలు లెక్కరాసింది, ఆ తర్వాత సీజను మొత్తం నడిపింది, చివరికి మేనేజరైంది. నేను రిటైరవ్వగానే బిల్లులు చూడ్డానికి రమ్మని పిలిచింది. ఇంట్లో కూర్చుని కోడలితో పడేకంటే నయమని వెళ్ళాను.

అక్కడికెళ్ళాక నాకు మొదట మతిపోయింది. సార్ లేడు, మేడం లేదు. ఉదయ్ అంటే ఉదయ్, కృప అంటే కృప. నన్ను మాత్రం వయసు చూసి అక్కా అంటారు. చేరిన ప్రతివాళ్ళకీ ఉదయ్ మొదటిరోజే ఒక మాట చెప్తాడు. "ఇక్కడ లీవు అడగొద్దు, చెప్పండి. మీ పని ఎవరు చూస్తారో కూడా చెప్పండి. చెప్పాక వెళ్ళిపోండి." అంతే. వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క పడేస్తే చాలు.

అలాగని ఎలా పడితే అలా రాస్తే కృప ఊరుకోదు. ప్యాకింగ్ చూసే గోపి ఒకసారి "రేపు రాను" అని మాత్రం పెట్టాడు. వెంటనే ఫోను చేసి దులిపేసింది. "స్నేహంగా రాయమన్నాను గాని గాల్లో వదలమన్లేదు. ఎన్ని రోజులు? హైదరాబాద్ లోడు ఎవరెక్కిస్తారు? నేనేమన్నా జ్యోతిష్యం చెప్తానా?" అదే రైతుల లెక్క చూసే శ్యామ్ సుందర్ ఎలా రాస్తాడో చూడండి. "కృపా, రేపు, ఎల్లుండి ఉండను. చింతలపూడిలో చెల్లి నిశ్చితార్థం. రేపటి లోడు గోపి చూస్తాడు, రైతుల లిస్టు అతనికి ఇచ్చాను. మరీ అవసరమైతే ఫోన్ చెయ్యి, ఎత్తుతాను." దానికి కృప జవాబు బొటనవేలు బొమ్మ. విందు భోజనం మాకు లేదా అని ఇంకో ముక్క. సెలవు అయిపోయింది. అది చదివిన రోజు నాకు నా సర్వీసంతా గుర్తొచ్చి కడుపు మండింది. ఎన్ని ప్రార్థించుచున్నానులు రాశాను తల్లీ!

పోయిన వేసవికి ముందు ఉదయ్ ఒక పెద్దాయన్ని తీసుకొచ్చాడు. ఎగుమతి కాగితాలు, పర్మిషన్లు తెలిసిన మనిషి కావాలట. రిటైరైన ఆఫీసరు, అనుభవం ఉన్నవాడు, కృపకి రిపోర్టు చేస్తాడు అన్నాడు. తల ఎత్తి చూస్తే బసవపున్నారావు.

నా చేతిలో పెన్ను కింద పడింది. కృప మాత్రం లేచి నిలబడి, "రండి" అని కుర్చీ చూపించింది. ఆయనకి గుర్తులేదేమో అనుకున్నాను. గుర్తుంది! అదే నాకు ఇంకా మండింది.

"నువ్వు నా దగ్గర చేసిన అమ్మాయివే కదమ్మా" అన్నాడు పొంగిపోతూ. నాకూ ఒక తల పంకింపు పడేశాడు. ఉదయ్ వైపు తిరిగి, "ఈ అమ్మాయికి క్రమశిక్షణ నేర్పింది నేనేనండీ. చూశారా ఎంత పైకొచ్చిందో!"

చిన్నరాయప్ప సంగతి ఆ మనిషికి గుర్తే లేదు. మెమో గుర్తులేదు. మెట్ల మీద జోడించిన చేతులు గుర్తులేవు. కృప నవ్వి, "అవునండీ, చాలా నేర్చుకున్నాను" అంది. ఆ నవ్వు చూసి నేను మంచినీళ్ళు తాగాను.

ఉదయ్ ఆయనకీ ఆ మాటే చెప్పాడు, ఇక్కడ లీవు అడగొద్దు చెప్పండి అని. ఆయన కుర్రతనం అనుకుని నవ్వి ఊరుకున్నాడు.

మే నెల, షెడ్డు నిండా కాయ. ఆయన భార్యకి గుండె ఆపరేషన్ పడింది. విజయవాడలో చేర్చారు. పొద్దున్నే ఆయన టైపు చేయించిన కాగితం కవరులో పెట్టి కృప బల్ల మీద ఉంచాడు. నేను చదివాను. "గౌరవనీయులైన మేనేజరు వారి సమక్షమునకు సవినయముగా విన్నవించుకొనునది. నా ధర్మపత్ని శస్త్రచికిత్స నిమిత్తం రేపటి నుండి ఐదు దినముల సెలవు మంజూరు చేయవలసినదిగా ప్రార్థించుచున్నాను." తేదీలున్నాయి, పని చూసే మనిషి పేరుంది. కింద "తమ విధేయుడు". తప్పు పట్టడానికి ఒక్క అక్షరం లేదు.

కృప చదివి తిరిగి ఇచ్చింది. "ఇది వద్దండీ. ఇక్కడ ఇలా రాస్తే ఏదో కోపమొచ్చి మానేస్తున్నారేమో అనుకుంటారు. మామూలుగా చెప్పండి."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. కిందటేడు ఒక కొత్త కుర్రాడు ఇలాగే బరువుగా మెయిలు పెడితే, ఎవరేమన్నారని ఉదయ్ కంగారుపడి వాడికి ఫోను చేశాడు. కాని బసవపున్నారావుకి వినపడింది వేరు. ఆయన చెవిలో అది తిరస్కరణ. తల వంచుకుని వెళ్ళి తన సీట్లో కూర్చుని కొత్త కాగితం తీశాడు. అప్పుడు కృప నా వైపు చూసింది. నేను కృప వైపు చూశాను. ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది.

ఈయన్ని ఎవరూ ఆపనక్కర్లేదు. సంతకం పడేదాకా ఈయనే కదలడు.

రెండోది గంట తర్వాత వచ్చింది. "హాయ్ కృపావతి మేడం గారికి నమస్కరించి వ్రాయునది" అని మొదలు. హాయ్ అన్న మాట రాయడానికి ఆయన ఎంత అవస్థపడ్డాడో, అక్షరాలే చెప్తున్నాయి. కొట్టేసి మళ్ళీ రాశాడు. చివర "మీ స్నేహపూర్వక విధేయుడు" అట. గోపి నోరు మూసుకుని బయటికి పరిగెత్తాడు.

"ఇంకా బరువుగానే ఉందండీ" అంది కృప మెల్లగా. "నాకు చెప్పండి, చాలు. అడగొద్దు."

చూశారా, చెప్పేసింది. తలుపు తెరిచే పెట్టింది. ఆయన "చిత్తం" అని మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. నుదుటి మీద చెమట. నాకు జాలి వేసిందా అని అడుగుతారేమో. వెయ్యలేదు.

పదకొండున్నరకి ఆయనకి ఫోను వచ్చింది. బావమరిది. రేపటి ఆపరేషన్ ఇవాళే చేస్తారట, థియేటరు ఖాళీ అయింది, ఒంటిగంటకి లోపలికి తీసుకెళ్తారు, అక్కయ్య నిన్ను చూడాలంటోంది, వెంటనే బయల్దేరు బావా అంటున్నాడు. ఫోను గొంతు నాదాకా వినపడింది.

ఎవరైనా ఏం చేస్తారు? చెప్పులేసుకుని పరిగెత్తుతారు. షెడ్డు ముందు వ్యాను ఉంది, డ్రైవరు ఉన్నాడు. గంటలో విజయవాడ. బసవపున్నారావు లేచాడు. తలుపుదాకా నడిచాడు. అక్కడ ఆగాడు. వెనక్కొచ్చి కూర్చుని మూడో కాగితం తీశాడు. సెలవు రేపటినుంచి కాదు కదా, ఇవాళ్టినుంచి. తేదీలు మారాయి. ముందు కాగితం చెల్లదు!

నేను కళ్ళారా చూడకపోతే నమ్మేదాన్ని కాదు. రాస్తున్నాడు. కొట్టేస్తున్నాడు, మళ్ళీ రాస్తున్నాడు. కృప తన గదిలోంచి బయటికొచ్చి, ఆయన పక్కనుంచే నడిచి, కాయలు గ్రేడు చేసే చోటికి వెళ్ళింది. ఆ పని ఆమెది కాదు. అక్కడ నిలబడి ఒక్కో కాయా తీసి, తొడిమ చూసి, పెట్టెలో పెట్టసాగింది. ఆయన కాగితం పట్టుకుని ఖాళీ కుర్చీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మేడం గారు ఎప్పుడొస్తారమ్మా?" అని నన్నడిగాడు.

"వచ్చాక చూస్తారండీ" అన్నాను.

ఆ జవాబు నేను కావాలనే ఇచ్చాను. ఆయనకి ఏమీ తట్టలేదు. కృప గది బయట బల్ల మీద కూర్చున్నాడు. కాగితం మోకాళ్ళ మీద పెట్టుకుని, చేతులు దాని మీద పెట్టుకుని. ఫోను మోగింది, ఎత్తి "వస్తున్నాను, సంతకం ఒక్కటే" అన్నాడు. మళ్ళీ మోగింది. మూడోసారి మోగినప్పుడు ఎత్తలేదు. నేను అటు వెళ్ళి కృప చెవిలో అడిగాను, ఎంతసేపు అని. ఆమె కాయ తిప్పి చూస్తూ, "నన్ను ఎంతసేపు కూర్చోబెట్టాడక్కా?" అంది.

ఒంటిగంట దాటాక చెయ్యి కడుక్కుని వచ్చింది. ఆయన దిగ్గున లేచి, రెండు చేతులతో కాగితం అందించాడు. కృప తీసుకోలేదు.

"ఎందుకు కూర్చున్నారండీ ఇక్కడ?"

"సెలవు... మీరింకా మంజూరు..."

"ఇక్కడ మంజూరు చేసేవాళ్ళెవరూ లేరు. చేరిన రోజే ఉదయ్ చెప్పాడు. పొద్దున్నించి నేనూ చెప్తూనే ఉన్నాను, చెప్పండి చాలని. మీ ఆవిడకి బాగాలేదు, వెళ్తున్నాను అని ఒక్క మాటంటే అయిపోయేది. వెళ్తున్నాను అనడం తప్పని నేనెప్పుడూ అనలేదే!"

ఆయన కాగితం వైపు చూశాడు, తర్వాత కృప వైపు. అప్పుడు చూశాడు ఆ పిల్లని నిజంగా.

"మా నాన్న పేరు చిన్నరాయప్ప" అంది కృప. "చెట్టు మీంచి పడ్డాడు. మూడు కాగితాలు రాశాను."

బసవపున్నారావు తప్పైందని అంటాడేమోనని నేను ఎదురుచూశాను. అనలేదు. అన్నా ఆమె తీసుకునేది కాదు. "వ్యాను బయట ఉంది. వెళ్ళండి" అంది. ఆయన కాగితం చేత్తోనే పట్టుకుని పరిగెత్తాడు. ఆ వయసులో అలా పరిగెత్తడం నేను చూళ్ళేదు. వెళ్తున్నానని చెప్పడం అప్పుడూ మర్చిపోయాడు.

ఆయన వెళ్ళేసరికి ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళిపోయారు. ఆవిడ బతికింది. చక్కగా కోలుకుంది, ఇప్పుడు వాకింగ్ కూడా చేస్తోంది. ఆవిడ మీద మాకేం కోపం లేదు. ఆమాట కృప ఆ సాయంత్రమే అంది, "ఆవిడకేమన్నా అయ్యుంటే నేను బతికేదాన్ని కాదక్కా." అని వెంటనే, "కాని ఆయన కూర్చోవడం చూశాను. నా కడుపు చల్లబడింది" అంది.

వారం తర్వాత గ్రూపు తరపున పళ్ళు తీసుకుని ఇద్దరం ఆసుపత్రికెళ్ళాం. ఆవిడ మంచం మీద ఆనుకుని కూర్చుంది. ఆయన పక్కన స్టూలు మీద. మమ్మల్ని చూసి ఆయన లేచి గోడకి ఆనుకున్నాడు. ఆవిడ పాపం నవ్వుతూ మంచీ చెడూ అడిగింది. మాటల్లో మాటగా ఆయన వైపు తిరిగి, బహుశా అంతకుముందు చాలాసార్లు అడిగినట్టే, అలవాటైన గొంతుతో అడిగింది.

"థియేటరు తలుపుదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నానండీ. అంతసేపు మిమ్మల్ని ఎవరాపారు?"

ఆయన మా కృప వైపు చూడలేదు. చెప్పడానికి పేరు లేదు. మేనేజరు ఇవ్వలేదు అనడానికి లేదు, ఆమె ఆపలేదు. రూలు అనడానికి లేదు, అక్కడ ఆ రూలు లేదు. గోడకి ఆనుకుని అలాగే నిలబడ్డాడు. ఆవిడ జవాబు కోసం చూస్తూనే ఉంది.

కృప పళ్ళ సంచీ బల్ల మీద పెట్టి, "వెళ్తున్నానండీ" అని ఆవిడకి చెప్పి బయటికి నడిచింది. ఆమె నవ్వలేదు. నేను మాత్రం మెట్లు దిగేదాకా నవ్వుతూనే ఉన్నాను.